రెండు రకాల వణుకు

న్యూరాలజీ ఓపీలో ఒకరి వెనక ఒకరు ఇద్దరు పేషెంట్లు వస్తారనుకుందాం. ఇద్దరిదీ ఒకటే ఫిర్యాదు: "చెయ్యి వణుకుతోందండీ." మొదటాయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద మాత్ర నలుపుతున్నట్టు ఆడుతూనే ఉంటుంది. బల్ల మీది నీళ్లగ్లాసు అందుకోమంటే కాసేపు తటపటాయించి చెయ్యి నెమ్మదిగా కదులుతుంది, కదలగానే వణుకు తగ్గుతుంది. రెండో ఆయన చేతులు ఒళ్లో కుదురుగానే ఉంటాయి. గ్లాసు కోసం చాపగానే అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. గ్లాసు దగ్గరయ్యేకొద్దీ ఆ ఊగు పెరుగుతుంది, చివరికి చెయ్యి గ్లాసును దాటిపోతుంది, లేదా తగిలి నీళ్లు ఒలికిపోతాయి.

స్కానింగ్‌కు పంపకముందే డాక్టరుకు సగం విషయం తెలిసిపోతుంది. మొదటాయనకు మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియాలో తేడా వచ్చింది. రెండో ఆయనకు తల వెనక, మెడకు పైన ఉండే చిన్నమెదడులో.

ఇద్దరి చేతుల్లోనూ బలం తగ్గలేదన్నది ఇక్కడ గమనించాలి. కండరాలకు ఆజ్ఞ పెద్దమెదడు పైపొర నుంచి వెన్నుపాము ద్వారా వెళుతుంది. ఆ దారి తెగితే చెయ్యి పడిపోతుంది. చిన్నమెదడుగానీ బేసల్ గాంగ్లియాగానీ కండరాలకు నేరుగా ఆజ్ఞలివ్వవు. అందుకే అవి దెబ్బతిన్నప్పుడు కదలిక పోదు, దాని తీరు చెడిపోతుంది.

చిన్నమెదడు సంగతి మొదటి ప్రపంచయుద్ధం బాగా బయటపెట్టింది. ఫ్రాన్సులోని బ్రిటిష్ సైనిక ఆసుపత్రుల్లో పనిచేసిన న్యూరాలజిస్టు గోర్డన్ హోమ్స్ దగ్గరికి తల వెనక తూటా గాయాలతో సైనికులు వచ్చేవారు. చిన్నమెదడులో ఒక పక్కే గాయపడ్డవాళ్లు ఆయనకు గొప్ప ఆధారమయ్యారు, ఎందుకంటే చెడ్డ చేతిని అదే మనిషి మంచి చేతితో పోల్చి చూడొచ్చు. వేలికి చిన్న దీపం కట్టి, చీకట్లో గుర్తుల మధ్య చూపమని ఫొటో తీసేవాడాయన. మంచి చేతి గీత నున్నగా వచ్చేది. చెడ్డ చేతి గీత వంకరటింకరగా, గుర్తును దాటిపోయి మళ్లీ వెనక్కి వచ్చేది. గాయం ఏ పక్కనైతే, తడబాటూ ఆ పక్క చేతికే. పెద్దమెదడు దెబ్బతింటే అవతలి పక్క చెయ్యి చెడుతుంది గనక డాక్టర్లకు ఇది మంచి ఆనవాలు. కుడివైపు చిన్నమెదడు గాయపడ్డ ఒకాయన ఆయనతో చెప్పుకున్నాడు: ఎడమచేతి పనులు తనకు తెలియకుండానే జరిగిపోతున్నాయట, కుడిచేతితో మాత్రం ప్రతి కదలికనూ ఆలోచించి చెయ్యాల్సి వస్తోందట.

ఎందుకలా? గ్లాసు కోసం చెయ్యి చాపడానికి అర సెకను, ఇంకాస్త పడుతుంది. చెయ్యి ఎక్కడుందో కన్ను చూసి, మెదడుకు చెప్పి, దిద్దేలోపు సెకనులో పదోవంతుకు పైగా గడిచిపోతుంది. చూసి దిద్దుకుంటూ పోతే ప్రతిసారీ ఆలస్యమే. అందుకని పెద్దమెదడు పంపే ఆజ్ఞ నకలు ఒకటి చిన్నమెదడుకూ అందుతుంది. చెయ్యి ఎక్కడికి చేరబోతోందో అది ముందే లెక్కగట్టి, ఆపాల్సిన కండరం సరైన క్షణంలో బిగిసేలా చూస్తుంది. ఈ లెక్క పోతే బిగింపు ఆలస్యమవుతుంది, చెయ్యి గురి దాటుతుంది. కన్ను చూసి వెనక్కి లాగుతుంది, అదీ ఎక్కువవుతుంది. ఆ ఊగు అలా పుట్టిందే. మెదడు నాడీకణాల్లో సుమారు 80 శాతం ఈ పిడికెడంత భాగంలోనే ఉన్నాయంటే ఆ లెక్కలు ఎంత పెద్దవో ఊహించుకోవచ్చు.

తాగినవాడి నడక చూసినవారికి చిన్నమెదడు లక్షణాలు కొత్తకాదు. కాళ్లు ఎడంగా పెట్టి తూలడం, మాట ముద్దముద్దగా సాగడం, ముక్కు తాకమంటే వేలు చెంప మీదికి పోవడం, ఇవన్నీ కొంతసేపటి చిన్నమెదడు జబ్బే. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ మోతాదు మించినా ఇలాగే తూలతారు. అలాంటివారిని పాపం తాగి వచ్చారని నిందించడమూ జరుగుతుంది.

బేసల్ గాంగ్లియా కథ వేరు. అది దిద్దే పని కాదు, అనుమతించే పని. మెదడులో ఏ క్షణాన్నైనా చెయ్యగలిగిన కదలికలు చాలా ఉంటాయి. బేసల్ గాంగ్లియా వాటన్నిటినీ ఎప్పుడూ అణచిపట్టి ఉంచి, కావాల్సినదాన్ని మాత్రం వదులుతుంది, తూము తలుపు ఎత్తినట్టు. ఎత్తడానికి డోపమైన్ అనే రసాయనం కావాలి. దాన్ని తయారుచేసే నల్లని కణాల గుంపు మెదడు కాండంలో ఉంది. ఆ కణాలు చచ్చిపోవడమే పార్కిన్సన్స్ జబ్బు. లక్షణాలు బయటపడేసరికే ఆ కణాల్లో సుమారు సగం పోయి ఉంటాయి.

1982లో కాలిఫోర్నియాలో ఇది భయంకరంగా రుజువైంది. 42 ఏళ్ల మనిషి ఒకడు శాన్‌హోసే ఆసుపత్రికి బొమ్మలా బిగుసుకుపోయి వచ్చాడు. మాట లేదు, కదలిక లేదు. మొదట మానసిక రోగం అనుకున్నారు. చేతికి పెన్సిల్ ఇస్తే మాత్రం నెమ్మదిగా రాయగలిగాడు, అంటే లోపల మనిషి మేలుకునే ఉన్నాడు. అలాంటివాళ్లు మరో ఐదుగురు తేలారు. అందరూ దొంగచాటుగా తయారైన కృత్రిమ హెరాయిన్ ఎక్కించుకున్నవాళ్లే. అందులో కలిసిన ఎంపీటీపీ అనే మలినం డోపమైన్ కణాలనే వెతికి చంపిందని న్యూరాలజిస్టు విలియం లాంగ్‌స్టన్ బృందం తేల్చింది. ముసలితనంలో ఏళ్లు పట్టే జబ్బు వాళ్లకు రోజుల్లోనే వచ్చిపడింది. లెవోడోపా మాత్ర ఇస్తే కదిలారు.

ఆ లెవోడోపా మన చేలగట్ల మీద పాకే దూలగొండి గింజల్లోనూ ఉంటుంది. దాన్ని ఆ గింజల నుంచి మద్రాసులో 1937లోనే వేరుచేశారు. అలాగని గింజలు నూరుకు తాగడం మందుకు బదులు కాదు, గింజగింజకీ మోతాదు మారుతుంది.

పార్కిన్సన్స్ వణుకు అందరికీ తెలుసు, కానీ కొందరికి అది రానే రాదు. అసలు లక్షణం నెమ్మదితనం. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి ఎక్కువసేపు పట్టడం, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోవడం, సంతకం చివరికి వచ్చేసరికి అక్షరాలు చిన్నవైపోవడం ఇంట్లోవాళ్లకు ముందు కనిపిస్తాయి. గుమ్మం దగ్గర కాళ్లు అతుక్కుపోయిన మనిషే నేల మీద అడ్డగీతలు గీస్తే వాటిని దాటుకుంటూ నడిచేస్తాడు. లోపలి నుంచి రాని అనుమతి కంటి నుంచి వస్తే చాలన్నమాట. అణచిపట్టే భాగమే దెబ్బతింటే దీనికి పూర్తిగా తలకిందులు: సబ్‌థాలమిక్ కేంద్రకంలో చిన్న స్ట్రోక్ వచ్చినా అవతలి పక్క చెయ్యీ కాలూ వద్దన్నా విసురుగా ఎగిరిపడుతుంటాయి.

వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకు ఇచ్చే సిన్నరిజైన్ పెద్దవయసువారు నెలల తరబడి మింగితే అచ్చం పార్కిన్సన్స్‌లాగే బిగుసుకుపోవచ్చు. ఆపితే చాలామందికి తగ్గుతుంది. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకెళ్లాలి. చిన్నమెదడు స్ట్రోక్‌లో కాలూ చెయ్యీ పడిపోవు గనక చాలామంది పైత్యం అనుకుని పడుకుంటారు. ఉన్నట్టుండి తల తిరిగి, వాంతులై, పట్టుకోకుండా నిలబడలేకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. మొదటి గంటల్లో సీటీ స్కాన్‌లో ఈ స్ట్రోక్ తరచూ కనిపించదు. సీటీ బాగుందన్నా మనిషి నిలబడలేకపోతుంటే ఎమ్మారై గురించి అడగండి.