పిక్సెల్ కాదు, పొలం చూడాలి

సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క, అంటే పిక్సెల్, నేల మీద 10 మీటర్ల చదరం. ఆ లెక్కన ఎకరం పొలానికి దక్కేవి సుమారు 40 పిక్సెళ్లే. వాటిలో దాదాపు సగం అంచున పడి గట్టునూ పక్క పొలాన్నీ కలుపుకుంటాయి. ఒక్కో పిక్సెల్‌కూ విడిగా పంట పేరు తేల్చబోతే, వరి పొలం మధ్యలో మొక్కజొన్న చుక్కలు తేలతాయి.

అందుకే ముందు చిత్రాన్ని పొలాలుగా విడగొడతారు. రంగులో దగ్గరగా ఉన్న ఇరుగుపొరుగు పిక్సెళ్లను కలుపుతూ పోయి, తేడా ఒక పరిమితి దాటగానే ఆపుతారు. ఆపైన ముక్క మొత్తం సగటునూ ఆకారాన్నీ చూసి పంటను గుర్తిస్తారు.

చిక్కంతా ఆ పరిమితిలోనే. మరీ బిగిస్తే ఒకే పొలం మూడు ముక్కలవుతుంది. మూడింటికీ వరి అనే పేరొస్తే విస్తీర్ణం లెక్కకు నష్టం లేదు. వదులు చేస్తే వరీ చెరకూ ఒకే ముక్కలో కలిసిపోతాయి, ఆ తర్వాత వాటిని విడదీయడం వర్గీకరణ వల్ల కాదు. నన్నడిగితే కాస్త బిగించడమే మేలు.

గోదావరి డెల్టాలో చాలాచోట్ల వరి మడుల మధ్య గట్టు మీటరు వెడల్పు కూడా ఉండదు. అక్కడ ఒక్క తేదీ చిత్రం చాలదు. నాట్లు వేరువేరు వారాల్లో పడి ఉంటే, పలు తేదీల చిత్రాలను కలిపి చూసినప్పుడు హద్దు బయటపడుతుంది. ఒకే వారంలో నాటిన పక్కపక్క మడులు మాత్రం ఒకటిగానే కనిపిస్తాయి; వాటికి సర్వే పటమే దిక్కు.