“డ్రిప్‌లో నీళ్ళు రావడం లేదు” అని వెదికే రైతుకు మన అంగడి వీడియో దొరకాలంటే

క్యాసంబళ్ళి, బేతమంగళ వైపు హార్డ్‌వేర్ అంగడి నడుపుతూ, తీరిక దొరికినప్పుడు ఫోనుతో వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్ళు మనలోనూ ఉన్నారు. పైపు అతికించడం, వాల్వు మార్చడం, డ్రిప్ ఫిల్టరు కడగడం, ఇవన్నీ వాళ్ళకు చేతిలో పనే. వీడియో మాత్రం చుట్టాలు చూసిన తర్వాత అక్కడే ఆగిపోతుంది. పని బాగా చూపించినా ఎందుకు ఆగిపోతుందో ఒక్క వీడియోను పట్టుకుని చూద్దాం.

మన జిల్లాలో టమాట, కూరగాయల తోటలకు బోరు నీళ్ళే గతి కాబట్టి డ్రిప్ ఫిల్టరునే తీసుకుందాం. అంగడివారు ఆరు నిమిషాల వీడియో తీసి “స్క్రీన్ ఫిల్టర్ క్లీనింగ్” అని పేరు పెట్టారనుకుందాం. తప్పు అక్కడే మొదలైంది. స్క్రీన్ ఫిల్టర్ అనేది అమ్మేవాడి మాట. తోటలో నిలబడ్డ రైతుకు ఫిల్టరులో మట్టి నిండిందని ఇంకా తెలియదు. సాలు మొదట్లో నీళ్ళు బాగా పడుతున్నాయి, చివరి మొక్కలు వాడుతున్నాయి, అంతే అతనికి కనిపించేది. అతను వెదికేది “డ్రిప్ చివరికి నీళ్ళు రావడం లేదు” అని. జబ్బు పేరుతో వెదుకుతాడు, మందు పేరుతో కాదు.

ఆ మాటలు ఎక్కడ దొరుకుతాయంటే ముందు కౌంటరు దగ్గరే. వచ్చినవారు సామాను అడిగే ముందు ఏం చెప్పుకున్నారో వారం రోజులు ఒక నోటు పుస్తకంలో వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. తర్వాత యూట్యూబ్ వెదికే పెట్టెలో “డ్రిప్” అని కొట్టి, కింద ఏ వాక్యాలు వస్తాయో చూడండి. మీ సొంత ఖాతాతో చూస్తే మీరు రోజూ చూసే వాటి ప్రభావం ఉంటుంది కాబట్టి, సైన్ ఇన్ కాకుండా చూడటం మేలు. చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారని మరవకండి: `drip lo neellu ravadam ledu`. ఆ వాక్యం వివరణలో ఒకసారి ఉంటే చాలు. ట్యాగుల పెట్టెను నింపడానికి గంటలు పెట్టేవారిని చూశాం. వాటి పాత్ర చాలా తక్కువనీ, జనం తరచూ తప్పుగా రాసే పేర్లకు మాత్రం పనికొస్తాయనీ యూట్యూబే చెబుతుంది.

పేరు ఇలా మారుద్దాం: “డ్రిప్ చివరికి నీళ్ళు రావడం లేదా? ఫిల్టరు ఇలా కడగండి”. పేరుకు 100 అక్షరాల దాకా చోటుంది కానీ ఫోను తెర మీద చివరి భాగం తెగిపోతుంది, కాబట్టి బాధ ముందు రావాలి, అంగడి పేరు వివరణలోకి పోవాలి. పాత వీడియోను తీసేసి మళ్ళీ ఎక్కించకండి. పేరు, బొమ్మ అక్కడే మార్చవచ్చు, ఇప్పటిదాకా చూసినవారి లెక్క పోదు.

ఇక మొదటి అర నిమిషం. మనవాళ్ళకు నమస్కారం, అంగడి చిరునామా, బోర్డు చూపించడం అలవాటు. బాధతో వచ్చినవాడు అంతసేపు ఆగడు. మొదటి షాటులోనే వాడిన చివరి మొక్క, తర్వాత ఫిల్టరుకు ముందూ వెనకా ఉన్న రెండు ప్రెషర్ గేజులు చూపించండి. రెండింటి మధ్య తేడా 0.5 కేజీ దాటితే జాలి మూసుకుపోతున్నదని గుర్తు. ఈ ఒక్క మాట విన్న రైతు తన తోటలో గేజు చూసుకోవడానికైనా మిగతా వీడియో చూస్తాడు. తర్వాత మోటరు ఆపి, ప్రెషర్ దించి, మూత తీసి, జాలిని మెత్తని బ్రష్షుతో కడిగి, రబ్బరు వాషరు చూసి బిగించడం. చివర్లో లేటరల్ పైపుల మూతలు తీసి మురికి నీళ్ళు పోనివ్వడం. దీన్ని వదిలేస్తే ఫిల్టరు కడిగినా చివరికి నీళ్ళు రావు, “వీడియో చూసి చేశాం, పనికిరాలేదు” అంటారు.

వివరణలో ఈ మెట్లను సమయాలతో రాస్తే వీడియో అధ్యాయాలుగా విడిపోతుంది:

```
00:00 చివరి మొక్కకు నీళ్ళు లేవు
00:25 రెండు గేజుల తేడా చూడటం
01:20 జాలి తీసి కడగడం
03:40 వాషరు, మూత బిగించడం
04:30 పైపు చివర్లు తెరిచి కడగడం
```

మొదటి సమయం 00:00 కావాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కొక్కటి పది సెకన్లకు తగ్గకూడదు. వీటిలో ఏది తప్పినా అధ్యాయాలు కనిపించవు.

ఇప్పుడు మన ఊళ్ళకే ఉన్న చిక్కు. ఇంట్లో తెలుగు, బయట కన్నడ. తెలుగులో పేరు పెట్టిన వీడియోను అనంతపురంలో వేలమంది చూడవచ్చు, వాళ్ళెవరూ మన అంగడికి వచ్చి వాల్వు కొనరు. పక్క ఊరి రైతు మాత్రం “డ్రిప్ నీరు బర్తిల్ల” అని కన్నడంలో వెదికి వేరేవారి వీడియో చూస్తాడు. యూట్యూబ్ స్టూడియోలో వీడియో భాష తెలుగు అని పెట్టి, భాషల విభాగంలో కన్నడ పేరు, కన్నడ వివరణ అదనంగా చేర్చవచ్చు. కన్నడలో వాడుకునేవారికి అవే కనిపిస్తాయి. కన్నడ సబ్‌టైటిల్స్ కూడా మీరే కొట్టి పెట్టండి. మన జిల్లాలో తెలుగు చెవికి కొత్త కాదు కాబట్టి మాట తెలుగులో ఉన్నా నడుస్తుంది. కన్నడ వచ్చిన పిల్లలుంటే మళ్ళీ కన్నడంలో తీయడమే ఇంకా మేలని మా అభిప్రాయం.

వెదికితే దొరకడం ఒక ఎత్తు, ఒక వీడియో పక్కన ఇంకొకటిగా యూట్యూబ్ తానే చూపించడం మరొక ఎత్తు. అక్కడ మాటల కంటే, ఇది చూసినవారు తర్వాత ఏం చూశారన్నదే ముఖ్యం. ఫిల్టరు కడిగినవాడికి తర్వాత వచ్చే బాధ ఏమిటి? డ్రిప్పర్ల రంధ్రాలు తెల్లగా ఉప్పు పట్టడం, జాయింటు దగ్గర కారడం. కాబట్టి తర్వాతి వీడియో వాటి మీదే తీసి, ఈ వీడియో చివరి 5 నుంచి 20 సెకన్లలో పెట్టే ఎండ్ స్క్రీన్‌లో దాన్నే చూపండి. అక్కడ మళ్ళీ మొక్కుబడి ధన్యవాదాలు వద్దు, “నీళ్ళు వచ్చినా రంధ్రం మూసుకుపోతే ఇది చూడండి” అంటే చాలు. ఒక రోజు డ్రిప్, మర్నాడు తలుపు గొళ్ళెం, ఆపై పండగ ఆఫర్ అని కలిపి పెట్టే చానెల్‌లో ఈ గొలుసు ఏర్పడదు.

నెల గడిచాక స్టూడియోలో లెక్క చూడండి. ఈ వీడియో బొమ్మ 3,000 సార్లు కనిపించి 60 మంది నొక్కారనుకుందాం, అంటే 2 శాతం. యూట్యూబ్ సగం చానెళ్ళకు ఇది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని చెబుతుంది, కాబట్టి ఇది అడుగు మెట్టు. వీడియో కనిపిస్తోంది కానీ నొక్కడం లేదు, అంటే బొమ్మ గానీ పేరు గానీ మార్చాలి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. అసలు కనిపించడమే వందలు దాటకపోతే మాటలు కుదరలేదని అర్థం, ట్రాఫిక్ మూలాల్లో యూట్యూబ్ సెర్చ్ తెరిచి, జనం ఏం కొట్టి వచ్చారో చదవండి. నొక్కినవారు అర నిమిషంలోనే వెళ్ళిపోతుంటే ఆ మొదటి షాటు దగ్గరికే తిరిగి పోవాలి.

ఈ లెక్కల్లో కనపడనిది ఒకటుంది. చూసినవారిలో అంగడి మెట్టెక్కినవారెందరో యూట్యూబ్ చెప్పదు. దానికి కౌంటరు దగ్గర ఆ నోటు పుస్తకమే వాడుకోవాలి. జాలి గానీ వాషరు గానీ అడిగినవారిని “ఎక్కడ చూసి వచ్చారన్నా?” అని అడిగి, వీడియో అంటే ఒక గీత పెట్టుకోండి.