నాలుగు నెలల తర్వాత ఏమిటి?

ఇంట్లో పెద్దవాళ్లను, పిల్లలను చూసుకోవడానికి ఉద్యోగం మానేసి, ఏళ్లు గడిచాక మళ్లీ వెతుక్కునేవాళ్ల కోసం కంపెనీలు విడిగా ఒక తలుపు పెట్టాయి. దాని పేరు రిటర్న్‌షిప్. అమెరికాలో గోల్డ్‌మన్ శాక్స్ 2008లో ఈ పేరుతో మొదలుపెట్టింది. మన దేశంలో టాటా గ్రూపు కూడా అదే ఏడాది విరామం తీసుకున్న మహిళల కోసం ‘సెకండ్ కెరీర్స్’ తెచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆఫీసులున్న పెద్ద టెక్ కంపెనీల్లో, బ్యాంకుల్లో ఇలాంటివి కనిపిస్తున్నాయి. మూడు నాలుగు నెలల పాటు జీతమిచ్చి పని చేయిస్తారు, నచ్చితే ఉద్యోగంలోకి తీసుకుంటారు. ఆ ‘నచ్చితే’ దగ్గరే చాలామంది మోసపోతారు, లేదా తమను తామే మోసం చేసుకుంటారు.

ఒకావిడ సంగతి ఊహించుకుందాం. 2011 నుంచి 2017 వరకు ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీలో బ్యాంకింగ్ ప్రాజెక్టులకు మాన్యువల్ టెస్టింగ్ చేసింది. అత్తగారికి పక్షవాతం రావడంతో మానేసింది. ఆ తర్వాత పాప పుట్టింది. అత్తగారు పోయారు, మామగారు ఇంట్లోనే ఉన్నారు, ఆయన్ను చూసుకోవడానికి పగలు ఒక మనిషి కావాలి. మియాపూర్‌లో కాపురం. ఎనిమిదేళ్ల తర్వాత ఆమె ముందు మూడు అవకాశాలున్నాయి. ఒకటి, పేరున్న అమెరికన్ కంపెనీలో 16 వారాల రిటర్న్‌షిప్, సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గా, నెలకు 60 వేలు. రెండోది ఓ మధ్యతరహా కంపెనీలో బ్యాంకింగ్ టెస్టింగే, పర్మినెంట్, 50 వేలు. మూడోది కన్సల్టెన్సీ ద్వారా ఇంటి నుంచి చేసే కాంట్రాక్టు, 45 వేలు, కానీ అమెరికా వేళలు.

చుట్టాలంతా మొదటిదే అంటారు, పేరు చూసి. నా దృష్టిలో ఆ మూడింటిలో ఎక్కువ ప్రమాదం దానిలోనే ఉంది. ఏ ఉద్యోగానికైనా మూడు ముక్కలుంటాయి: చేసే పని, ఆ పని జరిగే రంగం, మన స్థాయి. విరామం తర్వాత వీటిలో ఒక్కదాన్ని మార్చుకుంటే తట్టుకోగలం. డెవలపర్ రిటర్న్‌షిప్‌లో పని మారుతుంది, రంగమూ మారుతుంది. పదహారు వారాల్లో మొదటి మూడు ల్యాప్‌టాప్‌కీ, యాక్సెస్‌లకీ, ట్రైనింగ్ వీడియోలకీ పోతాయి. చివరి రెండూ అంచనాలకు, మీటింగులకు పోతాయి. మిగిలిన పదకొండు వారాల్లో కొత్త పని నేర్చుకుని, మేనేజరుకు నమ్మకం కలిగించాలి. పాత పనే అయితే నేర్చుకోవాల్సింది కొత్త పనిముట్లు మాత్రమే. అప్పుడు ఆ పదకొండు వారాలు చాలు.

అలాగని రిటర్న్‌షిప్పే వద్దని కాదు. చాలా కంపెనీల్లో ప్రోగ్రామ్ ఒకటే అయినా అందులో పోస్టులు వేరువేరు. డెవలపర్‌తో పాటు టెస్టింగ్, డేటా, ఫైనాన్స్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కూడా ఉండొచ్చు. ఆమె మెయిల్ పెట్టి, ‘ఇదే బ్యాచ్‌లో క్వాలిటీ ఇంజినీర్ ఖాళీలు ఉన్నాయా’ అని అడగాలి. మాన్యువల్ టెస్టింగ్‌కు ఇప్పుడు గిరాకీ తగ్గింది నిజమే. సెలీనియం, పోస్ట్‌మన్, కాస్త జావా లేదా పైథాన్ ఉంటే ఆ పోస్టుకు అర్హత వస్తుంది. బ్యాంకు లావాదేవీల్లో ఎక్కడ తప్పు దొర్లుతుందో ఆమెకు ముందే తెలుసు. సాధనం కొన్ని నెలల్లో వస్తుంది, ఆ తెలివి మాత్రం ఆరేళ్ల పనిలో పట్టుబడింది. ప్రోగ్రామ్ పేరు చూసి పోస్టు ఎంచుకోకూడదు. పోస్టు తేల్చుకున్నాక, అది దొరికే ప్రోగ్రామ్ వెతుక్కోవాలి.

పోస్టు నచ్చాక, ఆ ప్రోగ్రామ్ వెనుక నిజంగా ఉద్యోగం ఉందో లేదో చూడాలి. ఇంటర్వ్యూ చేసేవారిలో రేపు మీ మేనేజర్ అయ్యే మనిషి ఉన్నారా? హెచ్ఆర్ వాళ్లే మాట్లాడి, ‘టీమ్ తర్వాత చెప్తాం’ అంటే, మీ కోసం ఖాళీ సీటు ఇంకా పుట్టలేదని అర్థం. ‘కిందటి బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, వాళ్లలో ఎంతమందికి పర్మినెంట్ ఆఫర్ వచ్చింది?’ అని నేరుగా అడగండి. ఇది అమర్యాద కాదు. అంకె చెప్పగలిగినవాళ్లు చెప్తారు. ‘పనితీరును బట్టి ఉంటుంది’ అని మాత్రమే అంటే ఆ జవాబును జవాబుగానే లెక్కేసుకోవాలి. పర్మినెంట్ అయ్యాక పాత ఆరేళ్ల అనుభవం లెక్కలోకి వస్తుందా, ఫ్రెషర్ గ్రేడులో కూర్చోబెడతారా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. చేరాక ఆ మాట ఎత్తినా వినేవాళ్లుండరు.

డబ్బు లెక్క కూడా ఒకసారి వేద్దాం. మామగారి దగ్గర పగలు ఉండే మనిషికి నెలకు 16 వేలు, పాప స్కూలు అయ్యాక ఉండే చోటుకు 4 వేలు, ఆఫీసు రాకపోకలకు 5 వేలు. మియాపూర్ నుంచి అమీర్‌పేటలో మారి రాయదుర్గం వరకు మెట్రో ఉంది, ఆపైన గచ్చిబౌలికి ఆటో. మొత్తం పాతిక వేలు. 60 వేల రిటర్న్‌షిప్‌లో 35 వేలు మిగులుతాయి, నాలుగు నెలలకు లక్షా నలభై వేలు. ఆఫర్ రాకపోతే అక్కడితో ఆఖరు. 50 వేల పర్మినెంట్‌లో నెలకు 25 వేలే మిగిలినా, అది ఆగిపోయే తేదీ ముందే రాసిపెట్టి ఉండదు. ఇంటి నుంచి చేసే కాంట్రాక్టులో పాతిక వేల ఖర్చు తప్పుతుంది అనుకుంటారు. అర్ధరాత్రి దాకా కాల్స్‌లో కూర్చున్నవాళ్లు పగలు పడుకోవాలి కాబట్టి మామగారి దగ్గర మనిషి ఎలాగూ కావాలి.

ఆ కాంట్రాక్టు గురించి ఇంకో సంగతి ఉంది. దరఖాస్తు చేసే సమయానికి కనీసం ఏడాదో రెండేళ్లో ఉద్యోగం లేకుండా ఉండాలని కొన్ని రిటర్న్‌షిప్‌ల నిబంధన. ‘ముందు ఏదో ఒకటి చేద్దాం’ అని చిన్న కాంట్రాక్టులో చేరితే ఆ అర్హత పోవచ్చు. కాబట్టి వరుస ముఖ్యం: ముందు రిటర్న్‌షిప్‌లకు దరఖాస్తు, అవి రాకపోతే కాంట్రాక్టు.

ప్రావిడెంట్ ఫండ్ సంగతి చాలామందికి తట్టదు. 2011లో చేరినావిడ పింఛను భాగం వెనక్కి తీసుకోకుండా ఉంచితే, ఆ ఆరేళ్ల సర్వీసు బతికే ఉంటుంది. ఇంకో నాలుగేళ్లు చందా పడితే పదేళ్లై, ఈపీఎస్ నెలవారీ పింఛనుకు అర్హత వస్తుంది. కొత్త కంపెనీలో ఫారం 11 నింపేటప్పుడు పాత యూఏఎన్ నంబరే ఇవ్వాలి, కొత్తది తీసుకోకూడదు. అయితే రిటర్న్‌షిప్‌ను ‘స్టైపెండ్’ అనో ‘కన్సల్టెంట్ ఫీజు’ అనో రాసి పీఎఫ్ కోయకపోతే, ఆ నాలుగు నెలలు సర్వీసులో చేరవు. ఆఫర్ లెటర్‌లో ఆ ఒక్క పదం వెతకండి.

ఆఫర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది. పాత కంపెనీ రిలీవింగ్ లెటర్, చివరి జీతం స్లిప్పులు, ఫారం 16 ఇప్పుడే బయటికి తీయాలి. మునుపటి కంపెనీ వేరేదానిలో కలిసిపోయి ఉంటే ఆ కాగితాలకు నెల పట్టినా ఆశ్చర్యం లేదు. విరామం గురించి రెజ్యూమెలో ఒక్క వరుస చాలు: ‘2017–2025, కుటుంబ సంరక్షణ’. క్షమాపణలా పేరాలు రాస్తే చదివేవాళ్లకు లేని అనుమానం పుడుతుంది. ఎనిమిదేళ్ల కిందటి మేనేజరుకు ఒక మెసేజ్ పెట్టడం మాత్రం మరవొద్దు. పని తెలిసిన మనిషి ఒక మాట చెప్తే ఏ ప్రోగ్రామూ అవసరం లేకుండా నేరుగా తీసుకున్న సందర్భాలున్నాయి.

చివరికి ఆమె క్వాలిటీ ఇంజినీర్ రిటర్న్‌షిప్‌లో చేరిందనుకుందాం. మూడో వారం దాటినా జిరాలో తన పేరు మీద ఒక్క టికెట్టూ లేకపోతే, ఎవరో మరచిపోయారనుకుని ఊరుకోకూడదు. మేనేజరును అడిగి పని రాయించుకోవాలి. పదో వారంలో ‘ఆఫర్ ఎవరి చేతిలో ఉంది, ఎప్పుడు తెలుస్తుంది’ అని అడగాలి. బడ్జెట్ లేదంటే మిగిలిన ఆరు వారాలూ పని చేస్తూనే రెండో తలుపు తట్టాలి. 50 వేల పర్మినెంట్ ఇస్తామన్న ఆ మధ్యతరహా కంపెనీ హెచ్ఆర్ నంబరు ఫోనులో దాచిపెట్టుకుని ఉంటే అప్పుడు పనికొస్తుంది. వెళ్లేటప్పుడు తీసుకునే లెటర్‌లో ‘రిటర్న్‌షిప్ పూర్తి చేశారు’ అని కాకుండా, ఏ అప్లికేషన్‌కు ఏ టెస్టులు ఆటోమేట్ చేసిందో రాయించుకోవాలి.