వెనక్కి తిరిగితే కనిపించే గీత

వీఆర్ హెడ్‌సెట్‌లో మన చుట్టూ కనిపించే ఆకాశం తరచుగా ఒకే బొమ్మ. ఎత్తుకు రెట్టింపు వెడల్పున్న ఆ బొమ్మను గోళం లోపలి గోడకు చుడతారు. దాని ఎడమ, కుడి అంచులు ఆటగాడి వెనుక కలుస్తాయి. ఏఐకి ‘సముద్రతీరంలో సూర్యాస్తమయం’ అని మాత్రమే రాస్తే మామూలు ఫొటో లాంటిది ఇస్తుంది. అంచుల దగ్గర మేఘం తెగి నిలువు గీత పడుతుంది.

అందుకే ప్రాంప్టులో `equirectangular 360 panorama` అని రాసి, సూర్యుడు మధ్యలో, దిగంతం సగం ఎత్తులో, నడినెత్తిన మేఘాల్లేని ఆకాశం ఉండాలని చెప్పాలి. బొమ్మ పై అంచంతా ఒకే బిందువుగా ముడుచుకుంటుంది కనుక అక్కడ మేఘముంటే సుడిలా నలుగుతుంది.

మాటలతోనే అతుకు పోతుందని నమ్మకండి. 4096 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మను ఎడిటర్‌లో 2048 పిక్సెళ్లు పక్కకు జరపండి, బయటికి పోయిన భాగం రెండోవైపు నుంచి వచ్చేలా. అతుకు మధ్యకొస్తుంది. ఆ సన్నటి పట్టీని మాత్రమే మళ్లీ గీయించి, బొమ్మను యథాస్థానానికి జరపాలి.