రూపాయి ఎటు మొగ్గుతుంది?



మన రాయచూరు జిల్లాలోనే హట్టి బంగారు గనులున్నాయి. అయినా అక్కడ ఏడాదికి తీసే బంగారం రెండు టన్నుల లోపే. దేశం మాత్రం 2012-13లో ఒక్క బంగారం కొనడానికే 5,000 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది. చమురుకైతే దానికి మూడు రెట్లు. మనం అమ్మిన బియ్యం, నూలు, సాఫ్ట్‌వేరు, గల్ఫ్ నుంచి మనవాళ్లు పంపిన డబ్బు, అన్నీ లెక్కేసినా ఆ ఏడాది ఇంకా 8,800 కోట్ల డాలర్లు తక్కువ పడ్డాయి. దీన్నే కరెంటు ఖాతా లోటు అంటారు.

లోటు పెరిగితే రూపాయి పడుతుందని మీరు వినే ఉంటారు. అది సగం మాట. కల్లూరు చుట్టుపక్కల పత్తి రాయచూరు మార్కెట్టుకు చేరినప్పుడు ధర తేలేది కొనేవాళ్లను బట్టే కాదు, వచ్చిన సరుకును బట్టి కూడా. డాలరూ అంతే. లోటు అంటే డాలర్లు కావాలనేవాళ్లు. విదేశీ పెట్టుబడులు, అప్పులు, డిపాజిట్లు అంటే డాలర్లు తెచ్చి అమ్మేవాళ్లు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

2007-08లో లోటు సుమారు 1,600 కోట్ల డాలర్లు. వచ్చిన పెట్టుబడి 10,000 కోట్లు దాటింది. మిగులులో 9,000 కోట్లకు పైగా రిజర్వు బ్యాంకు నిల్వలో చేరాయి. అయినా డాలరు ధర 43 రూపాయల నుంచి 40కి దిగింది. లోటు ఉంది, రూపాయి మాత్రం బలపడింది!

2012-13లో 8,800 కోట్ల లోటుకు ఎదురుగా వచ్చింది సుమారు 8,900 కోట్లు. గండి పూడింది గాని, చేతిలో మిగిలిందేమీ లేదు.

2013 మే 22న అమెరికా కేంద్ర బ్యాంకు అధిపతి బెన్ బెర్నాంకీ, తాము నెలనెలా కొంటున్న బాండ్లను తగ్గించవచ్చునని సూచించాడు. అక్కడ వడ్డీలు పెరగసాగాయి. మన బాండ్లు కొన్న విదేశీయులు వాటిని అమ్మి, వచ్చిన రూపాయలతో డాలర్లు కొనుక్కుని వెళ్లిపోయారు. చమురు కంపెనీలకూ అవే డాలర్లు కావాలి. ఇంకా పెరుగుతుందన్న ఆశతో ఎగుమతిదారులు తమ డాలర్లను బిగబట్టారు. సుమారు 55 రూపాయలున్న డాలరు ఆగస్టు 28న 68 దాటింది. లోటు కొత్తగా పుట్టింది కాదు. దాన్ని పూడ్చే ప్రవాహం వెనక్కి తిరిగింది.

మందు రెండు వైపులా వేశారు. ఆగస్టులో బంగారంపై దిగుమతి సుంకాన్ని 10 శాతానికి పెంచారు. సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఒక వెసులుబాటు ఇచ్చింది: బ్యాంకులు ప్రవాస భారతీయుల నుంచి కనీసం మూడేళ్ల డాలరు డిపాజిట్లు తెస్తే, మారకం రేటు నష్టభయం చాలావరకు తాను భరిస్తుంది. సుమారు 2,600 కోట్ల డాలర్లు వచ్చాయి. 2013-14లో లోటు 3,200 కోట్లకు తగ్గింది. 2014 మార్చి చివరికి డాలరు 60 దగ్గర నిలిచింది.

అందుకే పత్రికలో ఈ లెక్కలు కనబడినప్పుడు, ఎంత వచ్చిందన్నదే కాక, ఏ రూపంలో వచ్చిందో కూడా చూడండి. ఫ్యాక్టరీ కట్టిన డబ్బు ఒక్క రోజులో పోలేదు. బాండ్లలో పెట్టింది పోగలదు. ఇక డిపాజిట్టు గడువు నాటికి తిరిగి కట్టవలసిన అప్పే. ఆ 2,600 కోట్ల గడువు 2016లో వచ్చింది. అప్పటికి నిల్వలు పెరిగి ఉండటం వల్ల అవి పెద్ద కుదుపు లేకుండానే తీరాయి.