హాల్ మార్చారా? అడ్వాన్స్ అడగండి

పెద్ద ఏసీ హాల్‌కు 50 వేలు అడ్వాన్స్ కట్టారు. పెళ్లికి మూడు వారాల ముందు మేనేజర్ ఫోన్: ‘పైన మినీ హాల్ ఇస్తాం, సర్దుకోండి సార్.’ మొహమాటానికి ‘సరే’ అన్నారో, చిక్కే. ‘ఒప్పుకోవడం లేదు, డబ్బు తిరిగివ్వండి’ అని ఆ రోజే వాట్సాప్‌లో రాయండి. రసీదుపై హాల్ పేరు, తేదీ, పూట ఉన్నాయో లేదో చూసుకోండి.

‘అడ్వాన్స్ వాపసు ఇవ్వబడదు’ అనే ముద్ర చూపిస్తారు. అది మీరు రద్దు చేసుకున్నప్పటి మాట. మాట తప్పింది వాళ్లు కదా! గడువుపెట్టి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పలకకపోతే 1915కు ఫోన్ చేయండి. అదీ ఫలించకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మరోచోట ఎక్కువ అద్దె కట్టాల్సివస్తే ఆ బిల్లూ జతచేసి, తేడా అడగండి.