చదవలేని మందు పేరు చోట ఏం రాయాలి?

ఇంగ్లండ్‌లో ఉబ్బసంతో బాధపడుతున్న ఒకాయనకు ఛాతీ ఇన్ఫెక్షన్ వస్తే డాక్టరు అమాక్సిల్ అనే యాంటీబయాటిక్ రాశాడు. మందుల షాపులో దాన్ని డయోనిల్ అని చదివి, షుగరు మాత్రలిచ్చారు. షుగరు జబ్బు లేని ఆయనకు రక్తంలో చక్కెర పడిపోయి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. తప్పులో పావు వంతు డాక్టరు రాతదని, ముప్పావు వంతు ఫార్మసిస్టుదని వచ్చిన తీర్పును 1989లో అక్కడి అప్పీలు కోర్టు సమర్థించింది.

ఫార్మసిస్టు వాటా అంత పెద్దది ఎందుకంటే, ఆ చీటీలోని మిగతా వివరాలేవీ డయోనిల్‌కు సరిపోలేదు. 250 మిల్లీగ్రాములని రాసి ఉంటే ఆయన ఇచ్చింది 5 మిల్లీగ్రాముల మాత్ర. రోజుకు మూడేసి చొప్పున 21 మాత్రలంటే వారం రోజుల కోర్సు. షుగరు మాత్రలు అలా వారం వాడి ఆపేసేవి కావు. పేరు తెలిసిపోయిందనుకున్నాక పక్కనున్న అంకెలు కంటికి ఆనలేదు.

మన ఇళ్లలోనూ ఈ పని రోజూ జరుగుతోంది. ఊళ్లో నాన్న చీటీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాడు. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్న కూతురు దాన్ని టైపు చేసి మందులు ఆర్డరు పెడుతుంది. సరిగ్గా తెలియని పేరును గూగుల్లో కొడితే ఏదో ఒక మందు దొరకనే దొరుకుతుంది. చిక్కంతా అక్కడే.

అందుకే ముందు అంకెలు రాసుకోవాలి: మోతాదు, 1-0-1 లాంటి పూటలు, ఎన్ని రోజులు. ఆ తర్వాతే పేరు. కనబడిన అక్షరాలే ఎత్తిరాసి, తెలియనిచోట గుర్తు పెట్టాలి. ఆ ఇంగ్లండ్ చీటీ మన దగ్గరికొస్తే ఇలా ఉంటుంది:

```
TAB. [చదవలేకపోయాం: ...IL] 250 mg  1-1-1  x 7 రోజులు
```

'డయోనిల్?' అని ప్రశ్నార్థకంతో సరిపెట్టడం నాకైతే నచ్చదు. ఆ కాగితాన్ని ఇంకొకరు ఎత్తిరాసేటప్పుడు ప్రశ్నార్థకం జారిపోయి, పేరొక్కటే మిగులుతుంది. ఇక 250ను చూసి ఇది డయోనిల్ కాదని చెప్పవచ్చు గానీ, అమాక్సిల్ అనే రాయడానికి ఆ అంకె చాలదు. ఆ మోతాదులో వేరే యాంటీబయాటిక్‌లూ ఉన్నాయి. ఆ ఖాళీని నింపాల్సింది చీటీ రాసిన డాక్టరే.

ఫోటోలో మడత, నీడ లేకుండా చూసుకుంటే సగం ఖాళీలు తగ్గుతాయి. మిగిలినవాటికి ఆసుపత్రికి ఫోన్ చేయాలి. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే చేర్చారు. కాబట్టి 'డాక్టరుగారూ, ఈ పేరు కాస్త విడివిడిగా రాసిస్తారా' అని అక్కడే అడగడానికి మొహమాటపడకండి.